ఆరడుగుల మంచానికి ఏ దోమతెర: కట్టేదా, మడిచేదా?

తిరుపతిలో అద్దె ఇల్లు, 6×6.5 అడుగుల డబుల్‌కాట్, పైన సీలింగ్ ఫ్యాన్. ఈ మంచానికి నాలుగు మూలలా తాళ్లతో కట్టే నూలు తెర కొనాలా, స్ప్రింగు తీగలతో విచ్చుకునే పాలిస్టర్ తెరా?

ముందు వల చూడండి. అంగుళం పొడవునా, వెడల్పునా వల రంధ్రాలు లెక్కపెట్టండి. 12, 13 చొప్పున ఉంటే చదరపు అంగుళానికి 156. దోమలకు అది చాలు. ఇంకా సన్నమైతే గాలి తగ్గుతుంది, మే నెలలో ఉక్కపోత భరించలేం. నూలు దారం లావు కాబట్టి అదే లెక్కలోనూ గాలి తక్కువే వస్తుంది, పైగా ఉతికితే కుంచించుకుపోతుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది.

కట్టే తెరకు గోడకు మేకులు కావాలి, ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. అయితే అంచుల్ని పరుపు కింద బాగా దోపితే సందు ఉండదు. ఎత్తులో దానికి అడుగు అదనంగా చూసుకోండి.

మడిచే తెరకు మేకులక్కర్లేదు, కానీ తెర పక్కలు లోపలికి వాలి ఉంటాయి. మోచేయి వలకు ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది. జిప్పు ముందు పాడవుతుంది. కొనేటప్పుడే మూలల దగ్గర లాగి చూడండి.

అద్దె ఇంటికి నేను మడిచేదే, పాలిస్టర్‌లోనే తీసుకుంటాను.