చౌటుప్పల్ నుంచి చేనేత అమ్మకం: వాట్సాప్ ఆర్డరా, సొంత వెబ్‌సైటా?

మాది చౌటుప్పల్. పుట్టపాక నుంచి తేలియా రుమాల్, డబుల్ ఇక్కత్ చీరలు తెస్తాం. కొయ్యలగూడెం నుంచి కాటన్ బెడ్‌షీట్లు, డ్రెస్ మెటీరియల్ తెస్తాం. అమ్మకం అంతా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మీదే. డబ్బు తీసుకునే దారులు మాత్రం రెండు పెట్టుకున్నాం: ఒకటి వాట్సాప్, రెండోది సొంత వెబ్‌సైట్. కొన్నేళ్లుగా రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి కాబట్టి దేనికి ఏది పనికొస్తుందో ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఒక్కటే పీసు ఉండే ఖరీదైన చీరకు వాట్సాప్ మేలు. ఒకే డిజైన్ మళ్లీ మళ్లీ నేయించగలిగే బెడ్‌షీట్‌కు వెబ్‌సైట్ మేలు. అన్నిటికీ ఒకటే దారి పెడితే ఏదో ఒక సరుకు దగ్గర నష్టం తప్పదు.

ముందు ఒక విషయం తేలాలి. యూట్యూబ్‌లో బయటి దేశాల వీడియోలు చూసి, ఇన్‌స్టాగ్రామ్‌లోనే కార్డు కొట్టి కొనే బటన్ ఎక్కడుందని చాలామంది వెతుకుతారు. అది 2019లో అమెరికాలో మొదలైన సదుపాయం, మన దగ్గరికి రాలేదు. 2025లో అక్కడ కూడా మెటా తన షాపులను మళ్లీ వెబ్‌సైట్ చెల్లింపు వైపే మళ్లించింది. మన దేశంలో యాప్ దాటకుండా కొనడం అంటే ఆచరణలో వాట్సాప్ చాట్, యూపీఐ. కాబట్టి మనం ఎంచుకోవాల్సింది చాట్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్యే.

వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోవడం ఒక పూట పని. షాపు పేరు, అడ్రస్, టైమింగ్స్ ఇచ్చి కేటలాగ్‌లో ఫోటోలు, ధరలు ఎక్కిస్తే సరిపోతుంది. 500 ఐటమ్స్ దాకా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టా ప్రొఫైల్‌లో వాట్సాప్ బటన్ ఇస్తే రీల్ చూసినవాళ్లు నేరుగా చాట్‌లోకి వస్తారు. పుట్టపాక చీర కొనేవాళ్లకు ఈ చాటే కావాలి. పద్దెనిమిది వేలు పెట్టి కొనేవాళ్లు ఫోటో చూసి డబ్బు కట్టరు. "అక్కా, పల్లూ ఎండలో ఒక వీడియో తియ్యండి", "వెనకవైపు చూపించండి" అంటారు. వెనకవైపు అడగడం న్యాయమే. ప్రింటు చేసిన గుడ్డకు వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. నూలుకే చిటికీ కట్టి రంగు అద్ది నేసిన ఇక్కత్‌కు రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. ఆ చిన్న వీడియో పంపగానే బేరం తేలిపోతుంది. వెబ్‌సైట్ పేజీలో ఎన్ని ఫోటోలు పెట్టినా ఆ నమ్మకం రాలేదు.

వాట్సాప్‌లో అసలు ఇబ్బంది స్టాక్ దగ్గర వస్తుంది. కస్టమర్ కార్ట్‌లో వేసి పంపితే మనకు వచ్చేది ఒక మెసేజ్ మాత్రమే. చీర వాళ్ల పేరు మీద ఆగదు. దసరా ముందు ఒకే చీరకు ఇద్దరు ముగ్గురు కార్ట్ పంపుతారు. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. "మీకు సాయంత్రం ఆరు వరకు ఆపుతున్నాం" అని టైమ్ రాసి చెప్తాం, చాట్‌కు 'హోల్డ్' లేబుల్ పెడతాం, కేటలాగ్‌లో ఆ చీరను అప్పటికి దాచేస్తాం. టైమ్ దాటితే తర్వాతివాళ్లకు మెసేజ్ వెళ్తుంది. ఇది మనిషి చేయాల్సిన పని. మా తమ్ముడు రోజంతా ఫోన్ పట్టుకునే ఉంటాడు.

రెండో ఇబ్బంది పేమెంట్ స్క్రీన్‌షాట్. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెట్టినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఎడిట్ చేసినవి, పాత పేమెంట్‌వి, 'ప్రాసెసింగ్'లో ఉన్నవి కూడా వస్తుంటాయి. అందులోని 12 అంకెల యూటీఆర్ నంబరు మన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించాకే పార్సిల్ కట్టాలి. చూసే ఓపిక లేని రోజు పార్సిల్ మర్నాటికి వాయిదా వేయడం మంచిది. నిజమైన కస్టమర్ ఒక రోజు ఆగుతారు.

ఇక వెబ్‌సైట్. మాది వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్, అంటే సైట్‌లో దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్. డొమైన్, హోస్టింగ్ కలిపి ఏడాదికి ఆరు వేల లోపే అవుతోంది. సైట్ తయారయ్యాక దాన్ని ఇన్‌స్టా, ఫేస్‌బుక్ షాపుకు కలపాలి. మెటా కామర్స్ మేనేజర్‌లో కేటలాగ్ తెరిచి, డొమైన్ మనదేనని నిరూపించాలి. వాళ్లు ఇచ్చే కోడ్‌ను డొమైన్ అమ్మినవాళ్ల దగ్గర డీఎన్‌ఎస్ అనే డొమైన్ సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డుగా పెడితే చాలు. తర్వాత ఐటమ్స్ జాబితా ఒక ఫైల్‌గా ఇవ్వాలి. అది ఇలా ఉంటుంది:

```
id,title,description,availability,condition,price,link,image_link,brand
KB-014,Ikat Bedsheet Double,Handloom cotton,in stock,new,1200.00 INR,https://example.com/kb-014,https://example.com/kb-014.jpg,MyShop
```

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఫైల్‌లో ఉన్న ధర, లింకు తెరిస్తే పేజీలో కనిపించే ధర ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే ఐటమ్‌ను తిప్పికొడతారు. రెండోది `id`. ఒకసారి ఇచ్చిన నంబరు మార్చకూడదు. మారిస్తే పాత పోస్టుల మీద పెట్టిన ట్యాగులు ఊడిపోతాయి. ఫైల్‌ను చేత్తో ఎక్కించే పని లేకుండా సైట్ నుంచి గంటకోసారి లేదా రోజుకోసారి వాళ్లే తీసుకునేలా షెడ్యూల్ పెట్టుకోవచ్చు.

ఇంతవరకు సాఫీగానే సాగింది. ఆర్డర్లు ఆగిపోయింది చెల్లింపు దగ్గర. రీల్ మీద ట్యాగ్ నొక్కితే మన సైట్ క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ సోషల్ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కస్టమర్ బెడ్‌షీట్ ఎంచుకుని, అడ్రస్ రాసి, యూపీఐ నొక్కుతారు. అప్పుడు పేజీ `upi://pay` అనే లింకుతో ఫోన్‌పేనో గూగుల్‌పేనో తెరవాలి. యాప్ లోపలి బ్రౌజర్లు చాలాసార్లు ఆ లింకును గుర్తుపట్టవు. తెల్ల పేజీ మీద `net::ERR_UNKNOWN_URL_SCHEME` అని వస్తుంది. కస్టమర్‌కు అది చూస్తే టెన్షన్, సైట్ దొంగదేమో అని అనుమానం. మనకు ఆ సంగతే తెలియదు. కనిపించేది ఒక్కటే, ఆర్డర్ 'పెండింగ్ పేమెంట్'లో ఉండి చివరకు క్యాన్సిల్ అయిపోవడం. అలాంటి ఆర్డర్లలో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి, అదీ ఇన్‌స్టా నుంచి వచ్చినవే అయితే జబ్బు ఇదే అనుకోవచ్చు. నిర్ధారణ సులువే. మన ఫోన్‌లో మన రీల్ తెరిచి, ట్యాగ్ నుంచి మొదలుపెట్టి, నిజంగా డబ్బు కట్టి చూడాలి. సైట్ అడ్రస్‌ను క్రోమ్‌లో టైప్ చేసి పరీక్షిస్తే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు.

దీని వెనకాలే ఇంకో చిక్కు వస్తుంది. వూకామర్స్‌లో 'హోల్డ్ స్టాక్' అనే సెట్టింగ్ ఉంటుంది. డబ్బు కట్టని ఆర్డర్ కోసం సరుకును అంతసేపు పక్కన పెడుతుంది, అప్పటికీ కట్టకపోతే ఆర్డర్‌ను క్యాన్సిల్ చేస్తుంది. మొదట అందులో 60 నిమిషాలు ఉంటాయి. ఒకే పీసు ఉన్న చీరను సైట్‌లో పెట్టామనుకోండి. ఒకరికి పేమెంట్ పేజీ తెరుచుకోక వదిలేస్తే ఆ గంటసేపు ఇంకెవరైనా ఆ చీర కొనబోతే స్టాక్ లేదని ఆర్డర్ దగ్గరే ఆపేస్తుంది. రీల్ బాగా వెళ్తున్న రోజే ఇలా జరిగితే ప్రాణం ఉసూరుమంటుంది. హోల్డ్‌ను 15 నిమిషాలకు తగ్గించాక ఇది చాలావరకు పోయింది. పుట్టపాక చీరలను సైట్ నుంచి తీసేసి 'వాట్సాప్‌లో అడగండి' బటన్ పెట్టాక పూర్తిగా పోయింది.

యూపీఐ సమస్యకు మేము చేసింది ఇది. చెల్లింపు పేజీ పైన "పేమెంట్ తెరుచుకోకపోతే పైన మూడు చుక్కలు నొక్కి క్రోమ్‌లో తెరవండి" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాం. పెండింగ్‌లో పడిన ఆర్డర్‌కు, ఆ 15 నిమిషాలు దాటకముందే, వాట్సాప్‌లో పేమెంట్ లింకు పంపుతాం. వాట్సాప్ లింకులు ఫోన్ మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ యూపీఐ సజావుగా పనిచేస్తుంది. ఇలా వెనక్కి వచ్చే ఆర్డర్లు తక్కువేమీ కాదు.

ఒక్కోసారి డబ్బు కట్ అవుతుంది గానీ ఆర్డర్ క్యాన్సిల్ అయినట్టు చూపిస్తుంది. కస్టమర్ ఫోన్‌పేలో డబ్బు కట్టి మళ్లీ సైట్‌కు తిరిగి రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తే ఇలా అవుతుంది. గేట్‌వే అంటే సైట్ తరఫున డబ్బు తీసుకునే కంపెనీ. దాని సెట్టింగుల్లో వెబ్‌హుక్ పెట్టి అందులో పేమెంట్ ఈవెంట్ టిక్ చేస్తే, కస్టమర్ తిరిగి వచ్చినా రాకపోయినా గేట్‌వే నేరుగా మన సైట్‌కు కబురు పెడుతుంది. సైట్ చేసిపెట్టేవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు. డబ్బులిచ్చే ముందు వెబ్‌హుక్ పెట్టారా అని అడిగి తీరాలి.

ఇక ఖర్చు లెక్క. మా గేట్‌వే 2 శాతం తీసుకుంటుంది, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. 1,200 రూపాయల బెడ్‌షీట్ మీద 24 ఫీజు, 4.32 పన్ను, మొత్తం 28.32. అదే బెడ్‌షీట్‌ను చాట్‌లో అమ్మితే రంగులు, సైజు, అడ్రస్, పిన్‌కోడ్, పేమెంట్ చెక్ అంటూ ఇరవై మెసేజ్‌లు దాటుతాయి. ఆ పని 28 రూపాయలకు అయిపోతోందంటే నాకు చవకే. పద్దెనిమిది వేల చీర మీద అదే ఫీజు 424.80 అవుతుంది. దానికి ఎలాగూ చాట్ చేయక తప్పదు, వీడియో తీయక తప్పదు. అలాంటప్పుడు గేట్‌వేకు అంత ఎందుకు ఇవ్వాలి? నేరుగా యూపీఐ చాలు.

క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం సైట్‌లో తీసేశాం. తలుపు దగ్గర వద్దంటే కొరియర్‌కు వెళ్లేటప్పుడు 90, తిరిగి వచ్చేటప్పుడు దాదాపు అంతే మనమే కట్టుకోవాలి. సరుకు పదిహేను రోజులు దారిలో తిరిగి మడతలు పోయి వస్తుంది. పండగ సీజన్‌లో ఆ పీసు చేతిలో లేకపోవడం ఇంకా పెద్ద దెబ్బ. తీసేశాక బెడ్‌షీట్ ఆర్డర్లు కొంత తగ్గిన మాట నిజం. మిగిలిన లాభం మాత్రం తగ్గలేదు.

వెబ్‌సైట్ పెట్టేవాళ్లు గేట్‌వేకు అప్లై చేసే ముందే రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు రాసి పెట్టుకోవాలి. అవి లేకపోతే ఖాతా ఆమోదం ఆగిపోతుంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం షాపు అసలు పేరు, అడ్రస్, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు సైట్‌లో కనిపించాలి. రిఫండ్ పేజీలో మేము "చేనేతలో దారం ముడి, రంగులో కొద్ది తేడా లోపం కాదు; చిరుగు, మరక ఉంటే పార్సిల్ విప్పిన వీడియోతో మూడు రోజుల్లో చెప్పండి" అని రాశాం. అదే వాక్యాన్ని వాట్సాప్‌లో క్విక్ రిప్లైగా పెట్టి, ప్రతి చీరకు డబ్బు తీసుకునే ముందే పంపుతున్నాం.