మేనిఫెస్టో తెలుగు అనువాదం: మక్కికి మక్కీనా, సభలో చెప్పినట్టా, హామీని విడదీసి రాయడమా? ఏది మేలు?

ఎన్నికల మేనిఫెస్టోను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తేవడానికి మన దగ్గర మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, వాక్యానికి వాక్యం మక్కికి మక్కీగా దించేయడం. రెండోది, నాయకుడు సభలో మాట్లాడినట్టు, జనం చెవికి వెంటనే పట్టేలా తిరగరాయడం. మూడోది, ప్రతి హామీలో ఎవరికి, ఎంత, దేని లెక్కన, ఎప్పుడు, ఎంత గట్టిగా చెప్పారు అనే ఐదు సంగతులను ముందు విడివిడిగా రాసుకుని, వాటిలో ఏదీ జారిపోకుండా మామూలు తెలుగులో మళ్ళీ రాయడం. నా ఓటు మూడోదానికే. ఎందుకో తెలియాలంటే ఒక నిజమైన హామీ మీద మూడింటినీ పెట్టి చూడాలి.

2024 ఏప్రిల్ 5న కాంగ్రెస్ విడుదల చేసిన లోక్‌సభ ఎన్నికల మేనిఫెస్టో న్యాయ్ పత్ర్‌లో మహాలక్ష్మి అనే పథకం ఉంది. ప్రతి పేద కుటుంబానికి ఏడాదికి లక్ష రూపాయలు, షరతులు లేని నగదు బదిలీగా. ఆదాయంలో అట్టడుగున ఉన్న కుటుంబాల నుంచి పేదలను గుర్తిస్తారు. డబ్బు ఇంట్లో వయసులో అందరికంటే పెద్ద మహిళ ఖాతాలోకి వెళ్తుంది, మహిళ లేని ఇంట్లో అందరికంటే పెద్ద సభ్యుడి ఖాతాలోకి. పథకం దశలవారీగా అమలవుతుంది, ఏటా సమీక్ష ఉంటుంది. చిన్న పేరానే కానీ ఇందులో కనీసం ఆరు చోట్ల అనువాదకుడి కాలు జారొచ్చు.

మొదటి పద్ధతిలో ఇది ఇలా వస్తుంది: "ప్రతి పేద భారతీయ కుటుంబానికి బేషరతు నగదు బదిలీగా సంవత్సరానికి రూ. 1 లక్ష అందించుటకై మహాలక్ష్మి పథకమును ప్రారంభించుటకు కాంగ్రెస్ కృతనిశ్చయంతో ఉన్నది. ఆదాయ పిరమిడ్ దిగువన గల కుటుంబముల నుండి పేదలు గుర్తించబడుదురు." అంకె సరిగ్గానే ఉంది, షరతులూ ఉన్నాయి, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాకపోతే చదివేవాళ్ళు మొదటి వాక్యంలో లక్ష దగ్గర ఆగిపోతారు, పిరమిడ్ అనే మాట దగ్గర పేజీ తిప్పేస్తారు, అంటే కాగితం మీద ఉన్న పరిమితి వాళ్ళ దాకా చేరదు. ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది ఎక్కువమంది గమనించరు. "బేషరతు" అని మొదట్లోనే పడేసరికి అర్హతకు కూడా షరతులేమీ లేవనే అర్థం వస్తుంది. అసలు ఉద్దేశం అది కాదు. డబ్బు ఇచ్చాక పిల్లల్ని బడికి పంపాలనో, ఫలానా దానికే ఖర్చు పెట్టాలనో నిబంధన ఉండదు, అంతే. ఎవరికి ఇవ్వాలన్న ఎంపిక మాత్రం ఉంది, పక్క వాక్యంలోనే ఉంది.

రెండో పద్ధతిలో అయితే "ప్రతి పేద ఆడపడుచు ఖాతాలో నెలనెలా రూ. 8,500!" అని వస్తుంది. ఆ అంకె ఊహించి రాసింది కాదు, ప్రచార సభల్లో రాహుల్ గాంధీ నెలకు 8,500 అనే చెప్పారు. లక్షను పన్నెండుతో భాగిస్తే 8,333 చిల్లర వస్తుంది, 8,500 చొప్పున పన్నెండు నెలలకు 1,02,000 అవుతుంది. సభలో గుండ్రటి అంకె చెప్పడం వేరు, మేనిఫెస్టో తెలుగు ప్రతిలో అచ్చు వేయడం వేరు. ఆ ఒక్క ముక్కలో ఎన్ని మారాయో చూడండి. కుటుంబం లెక్క మనిషి లెక్క అయింది, కాబట్టి ఒకే ఇంట్లో ఉన్న అత్తా కోడళ్ళిద్దరికీ వస్తుందనుకుంటారు. ఏడాది లెక్క నెల లెక్క అయింది, కాబట్టి ప్రతి నెలా ఫలానా తారీఖుకు పడాలని ఎదురుచూస్తారు. దశలవారీ అన్న మాట పూర్తిగా పోయింది. ఇవేవీ అబద్ధం చెప్పాలని చేసినవి కావు, వాక్యం చురుగ్గా ఉండాలని కోసినవి, కానీ రేపు అడిగేవాళ్ళు తెలుగు కరపత్రమే చేతిలో పెట్టుకుని అడుగుతారు.

మూడో పద్ధతిలో నేను రాసేది ఇలా ఉంటుంది:

"దేశంలోని ప్రతి పేద కుటుంబానికి ఏడాదికి రూ. 1 లక్ష నగదు అందించే మహాలక్ష్మి పథకాన్ని ప్రారంభించాలని కాంగ్రెస్ సంకల్పించింది. ఆదాయంలో అట్టడుగున ఉన్న కుటుంబాల నుంచి పేదలను గుర్తిస్తారు. డబ్బు అందుకునే కుటుంబానికి ఎలాంటి షరతులూ పెట్టరు. ఆ డబ్బును ఇంట్లో వయసులో అందరికంటే పెద్ద మహిళ ఖాతాలో నేరుగా జమ చేస్తారు. మహిళలు లేని కుటుంబంలో వయసులో అందరికంటే పెద్దవారి ఖాతాలో జమ చేస్తారు. పథకాన్ని దశలవారీగా అమలు చేసి, ఏటా సమీక్షిస్తారు."

"వయసులో" అన్న మాట ఊరికే పెట్టలేదు. "ఇంటి పెద్దావిడ" అంటే మన ఇళ్ళలో పెత్తనం చేసే ఆవిడ అనే అర్థం కూడా వస్తుంది, డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ మూల గదిలో ఉన్నా ఇల్లు నడిపేది కూతురే అయితే గందరగోళమే. అలాగే "అట్టడుగున ఉన్న కుటుంబాలు" అన్న చోట "తెల్లకార్డు ఉన్నవారు" అని రాయాలని చేయి లాగుతుంది, ఎందుకంటే మనకు పేదరికం అనగానే తెల్ల రేషన్ కార్డే గుర్తొస్తుంది. మూలంలో కార్డు ప్రస్తావన లేదు. ఆ మాట వేసిన క్షణంలోనే అర్హులెవరో అనువాదకుడు తేల్చేసినట్టు.

పథకాల పేర్లతో ఇంకో తలనొప్పి, ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఉన్నది. తెలంగాణలో 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ప్రకటించిన ఆరు గ్యారంటీల్లో కూడా మహాలక్ష్మి ఉంది. మహిళలకు నెలకు రూ. 2,500, రూ. 500కే గ్యాస్ సిలిండర్, ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. అంటే కొన్ని నెలల తేడాతో ఒకే పార్టీ, ఒకే పేరు, పూర్తిగా వేరే హామీ. రైతు భరోసా సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతో గతంలో నడిచిన పథకంలో రైతు కుటుంబానికి ఏటా రూ. 13,500, అందులో కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే 6,000 కలిసే ఉండేది. తెలంగాణ గ్యారంటీలో మాత్రం ఎకరాకు ఏటా రూ. 15,000. "రైతు భరోసా కింద ఏటా రూ. 15,000" అని రాసి ఎకరా అన్న మాట వదిలేస్తే, మూడెకరాల రైతుకు మాట ఇచ్చిన 45,000 కాస్తా 15,000 అయిపోతుంది. ఆంధ్ర వైపు పాఠకుడు దాన్ని కుటుంబం లెక్కగానే చదువుకుంటాడు, అతనికి అలవాటైంది అదే మరి. అందుకే పథకం పేరు మీద ఆధారపడకుండా ఎకరాకు, కుటుంబానికి, విద్యార్థికి, క్వింటాలుకు అనే మాటను అంకె పక్కనే అతికించాలి, తర్వాతి వాక్యానికి వదలకూడదు.

ఇక మూలంలోనే స్పష్టత లేని హామీ వస్తే ఏం చేయాలి? మూడు పద్ధతుల అసలు తేడా బయటపడేది ఇక్కడే. తెలంగాణ ఆరు గ్యారంటీల్లోని గృహజ్యోతి హామీ తీసుకోండి, 200 యూనిట్ల ఉచిత కరెంటు. నెలకు 230 యూనిట్లు వాడే ఇల్లు ఎంత కట్టాలి? 200 పోగా 30కే కట్టాలా, లేక 200 దాటింది కాబట్టి మొత్తం 230కీ కట్టాలా? ఆ నాలుగు మాటల్లో రెండు అర్థాలూ ఇముడుతాయి. 2024 మార్చి నుంచి తెలంగాణలో అమలైంది రెండోది, 200 దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. కానీ ఎన్నికల ముందు అనువాదం చేసేవాళ్ళకు ఇది తెలిసే అవకాశం లేదు. "200 యూనిట్ల లోపు వాడేవారికి ఉచితం" అని రాస్తే హామీని కుదించినట్టు, "మొదటి 200 యూనిట్లు ఉచితం" అని రాస్తే పెంచినట్టు. ప్రచార శైలి రెండోదాన్ని పట్టుకుంటుంది. మక్కికి మక్కీ పద్ధతి అస్పష్టతను అలాగే ఉంచుతుంది, ఈ ఒక్క విషయంలో అది నిజంగా మెరుగే. మూడో పద్ధతిలో కూడా అలాగే ఉంచాలి, కాకపోతే ఇక్కడ రెండు అర్థాలున్నాయని గుర్తించి రాసిన కమిటీని అడగాలి. జవాబు వస్తే ఇంగ్లిష్ ప్రతిని కూడా సరిచేయమనాలి, రాకపోతే "200 యూనిట్ల ఉచిత విద్యుత్" అని ఉన్నది ఉన్నట్టే వదిలేయాలి. సొంతంగా తేల్చే హక్కు మనకు లేదు.

కొన్నిసార్లు తేట తెలుగు మాటే మోసం చేస్తుంది. 2024 ఏప్రిల్ 14న వచ్చిన బీజేపీ మేనిఫెస్టో సంకల్ప పత్రంలో 3 కోట్ల గ్రామీణ మహిళలను లఖ్‌పతి దీదీలుగా చేయడం ఒక హామీ. "లక్షాధికారులను చేస్తాం" అంటే వినడానికి ఎంత బాగుంటుందో. కానీ లక్షాధికారి అంటే మనకు లక్షలు వెనకేసిన మనిషి, కొందరికి లక్ష రూపాయలు చేతిలో పెడతారనే ఆశ కూడా కలుగుతుంది. ఆ పథకంలో లఖ్‌పతి దీదీ అంటే కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న స్వయం సహాయక సంఘం సభ్యురాలు. ఆస్తి కాదు, నగదు బదిలీ అసలే కాదు. పేరును లఖ్‌పతి దీదీ అనే ఉంచి, పక్కన ఆ వివరం ఒక్కసారి రాస్తే సరిపోతుంది. అదే పత్రంలోని ముద్రా రుణాల హామీ కూడా ఇలాంటిదే, పరిమితిని రూ. 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచడం వేరు, రూ. 20 లక్షల రుణం ఇస్తాం అనడం వేరు.

కాంగ్రెస్ వాళ్ళ 30 లక్షల ఉద్యోగాల హామీలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కేంద్ర ప్రభుత్వంలో మంజూరైన పోస్టుల్లో ఖాళీగా ఉన్న దాదాపు 30 లక్షలను భర్తీ చేయడం అది. "దాదాపు" పోకూడదు, "కొత్త ఉద్యోగాలు" అనే మాట రాకూడదు.

క్రియల దగ్గర ప్రచార శైలి చేసే నష్టం అన్నిటికంటే పెద్దది. ఇంగ్లిష్‌లో చట్టం తెస్తాం, ప్రయత్నిస్తాం, సమీక్షిస్తాం, పరిశీలిస్తాం అని రకరకాల గట్టిదనంతో ఉన్నవన్నీ తెలుగులో "చేస్తాం, చేసి చూపిస్తాం" అయిపోతాయి. నేనైతే పని మొదలుపెట్టే ముందే ఒక్కో స్థాయికి ఒక్కో తెలుగు క్రియ ఖాయం చేసుకుని, పుస్తకం చివరిదాకా దాన్నే వాడతాను. ఒకే మాట పదే పదే వస్తోందని ఎడిటర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంత చేసినా తప్పులు మిగులుతాయి కాబట్టి పరీక్ష ఒకటి ఉండాలి. ఇంగ్లిష్ ప్రతి చూడని మనిషికి తెలుగు ప్రతి మాత్రమే ఇచ్చి, ప్రతి హామీకి మొదట్లో చెప్పిన ఐదు సంగతులకు ఐదు గడులున్న పట్టిక నింపమనాలి. తర్వాత ఇంగ్లిష్ నుంచి నింపిన పట్టికతో పోల్చాలి. అంకె తేడా వస్తే వెంటనే కనబడుతుంది. ఎక్కువగా తేడా వచ్చేది "దేని లెక్కన", "ఎంత గట్టిగా" అన్న గడుల్లోనే. ఏదైనా గడి తెలుగు వైపు ఖాళీగా ఉండి ఇంగ్లిష్ వైపు నిండి ఉంటే ఏదో జారిపోయిందన్నమాట. ఇంగ్లిష్ వైపు ఖాళీగా ఉండి తెలుగు వైపు నిండి ఉంటే ఇంకా ప్రమాదం, లేని హామీ పుట్టిందన్నమాట.

కాబట్టి పూర్తి పుస్తకానికి మూడో పద్ధతి, వేరే ఆలోచనే వద్దు. లీగల్ టీమ్ పోల్చుకోవడానికి మక్కికి మక్కీ ప్రతి ఒకటి లోపల ఫైల్లో ఉంచుకుంటే మంచిదే, జనంలోకి వదలక్కర్లేదు. గోడ మీద రాతకీ కరపత్రానికీ సభ భాష తప్పదు, అక్కడ చోటు తక్కువ. అయితే దాన్ని ఇంగ్లిష్ నుంచి కాకుండా సరిచూసిన తెలుగు పుస్తకం నుంచే కుదించాలి, కుదించినప్పుడు ఎవరికి, ఎంత, దేని లెక్కన అనే మూడూ మిగలాలి. మహాలక్ష్మికి ఆ లెక్కన "పేద కుటుంబానికి ఏడాదికి రూ. 1 లక్ష, దశలవారీగా అమలు" అని రాయొచ్చు, ఒక్క లైనులో పడుతుంది.