జాగ్రత్త: రూట్ డొమైన్‌కి ఐపీలు టైప్ చేసి ‘క్లౌడ్ సెటప్ అయిపోయింది సార్’ అనేవాళ్లకు డబ్బులివ్వకండి

మాది పోటీ పరీక్షల కోచింగ్. గ్రూప్స్, కానిస్టేబుల్ అభ్యర్థులకు ఆదివారం ఆదివారం ఆన్‌లైన్‌లో గ్రాండ్ టెస్ట్ పెడతాం. పాత హోస్టింగ్ ఆ రోజు పది గంటలకల్లా చేతులెత్తేస్తోందని, తెలిసినవాళ్లు చెప్పిన ఒకతనికి ‘క్లౌడ్ సెటప్ ప్యాకేజీ’ కింద 18,000 రూపాయలు ఇచ్చాను. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో రెండు సర్వర్లు, వాటి ముందు, వచ్చేవాళ్లను రెండింటికీ పంచే ఒక లోడ్ బ్యాలెన్సర్, సర్టిఫికెట్, డొమైన్ పాయింటింగ్, అన్నీ కలిపి ఆ ధర. అతని పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. అతను చేసిన తప్పు మాత్రం చాలామంది చేస్తున్నదే కాబట్టి వివరంగా చెప్తాను. కింద డొమైన్ పేరు, అంకెలు మార్చాను.

ఐదు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఆరో ఆదివారం టెస్ట్ అయిన మర్నాడు ఫోన్లు మొదలు. ఒకడు సైట్ ఓపెన్ కావట్లేదంటాడు, పక్క రూములో ఇంకొకడు బాగానే ఉందంటాడు. ఒకమ్మాయికి ఓపెన్ అవుతోంది కానీ నిమిషం పైగా తిరిగి తిరిగి అప్పుడు వస్తోంది. నా కంప్యూటర్లో చూస్తే చక్కగా ఉంది. అతనికి ఫోన్ చేస్తే, ‘సర్వర్లు పచ్చగా ఉన్నాయి సార్, మీ పిల్లల్ని క్యాష్ క్లియర్ చేసుకోమనండి’ అన్నాడు. నేనూ అదే మెసేజ్ నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బుధవారానికి అది ముదిరింది. ఒక అబ్బాయి స్క్రీన్‌షాట్ పంపాడు: మా అడ్రస్ కొడితే ఎర్ర హెచ్చరిక, కింద `NET::ERR_CERT_COMMON_NAME_INVALID`. వివరాలు నొక్కి చూస్తే సర్టిఫికెట్ మీద మాకు సంబంధం లేని ఎవరిదో డొమైన్ పేరు. హ్యాక్ అయ్యాం అనుకున్నాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఈ పనే చేస్తాడు. వాడు అడిగిన మొదటి ప్రశ్న: ‘మామయ్యా, నువ్వు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో తెరుస్తున్నావా, లేకుండానా?’ నా బుక్‌మార్క్ www తోనే ఉంది. పాంప్లెట్ల మీద, పిల్లలకు పంపే ఎస్ఎంఎస్‌లో మాత్రం www లేకుండా వట్టి డొమైనే. తర్వాత వాడు, ఏ పేరు ఏ ఐపీకి పోతోందో చూపే ఈ రెండు లైన్లు కొట్టి, వచ్చింది నాకు పంపాడు.

```
$ dig +short example.com
203.0.113.24
203.0.113.171

$ dig +short www.example.com
exam-lb-1234567890.ap-south-1.elb.amazonaws.com.
198.51.100.9
198.51.100.62
```

కింది దాంట్లో ముందు లోడ్ బ్యాలెన్సర్ పేరు వచ్చింది, ఆ తర్వాత ఈ క్షణాన దానికున్న ఐపీలు. పై దాంట్లో పేరే లేదు, రెండు అంకెలే ఉన్నాయి. అవి సెటప్ చేసిన రోజు ఆ బ్యాలెన్సర్‌కున్న ఐపీలు. అతను ఆ రోజు బ్యాలెన్సర్ పేరుకి వచ్చిన ఐపీలు చూసి, ఆ అంకెల్ని డొమైన్ కొన్న రిజిస్ట్రార్ ప్యానెల్‌లో రెండు A రికార్డులుగా, అంటే పేరుకి నేరుగా ఐపీ చెప్పే రికార్డులుగా, టైప్ చేసి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. లోడ్ బ్యాలెన్సర్ అంటే ఒక పెట్టె కాదు. ఏడబ్ల్యూఎస్ మన కోసం నడిపే కొన్ని యంత్రాల గుంపు అది. కనీసం రెండు డేటా సెంటర్ జోన్లలో ఉంటుంది కాబట్టి కనీసం రెండు ఐపీలు. రద్దీ పెరిగితే వాళ్లే పెద్ద యంత్రాలు పెడతారు, లేదా సంఖ్య పెంచుతారు. తగ్గితే తీసేస్తారు. మరమ్మతులప్పుడూ మారుస్తారు. మారినప్పుడల్లా ఐపీ మారుతుంది, మనకు కబురు రాదు. అందుకే వాళ్లు మనకు ఐపీ ఇవ్వరు, పేరు ఇస్తారు. ఆ పేరుకి జవాబు 60 సెకన్ల కన్నా ఎక్కువ దాచుకోవద్దని, పేరుని ఐపీగా మార్చి చెప్పే డీఎన్ఎస్‌లోనే చెప్తారు. మా ఆదివారం టెస్టుకి వేల మంది ఒకేసారి లోపలికొచ్చినప్పుడు బ్యాలెన్సర్ పెరిగింది, రాత్రికి తగ్గింది. ఆ సందట్లో పాత రెండు యంత్రాల్లో ఒకటి పోయింది. కొందరి ఫోన్లు బతికున్న ఐపీ పట్టుకున్నాయి. కొందరివి చచ్చిన ఐపీ దగ్గర కాసేపు ఆగి రెండోదానికి వెళ్లాయి. ఆ అమ్మాయికి నిమిషం పట్టింది అందుకే. బుధవారానికి రెండోదీ పోయింది. వదిలేసిన ఐపీని ఏడబ్ల్యూఎస్ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. స్క్రీన్‌షాట్‌లో కనపడిన డొమైన్ ఆ కొత్త యజమానిది. పాపం వాళ్లకేం తెలుసు, మా పిల్లలు వాళ్ల తలుపు కొడుతున్నారని.

https ఉండబట్టి ఎర్ర హెచ్చరికతో సరిపోయింది. లేకపోతే మా పేరు కొట్టిన పిల్లలకు ఎవరిదో పేజీ మా అడ్రస్ కిందే తెరుచుకునేది. అక్కడ లాగిన్ పెట్టె ఉంటే పాస్‌వర్డ్ అక్కడే కొట్టేవాళ్లు.

మరి www కి పేరు పెట్టినవాడు రూట్‌కి, అంటే www లేని వట్టి డొమైన్‌కి, ఎందుకు పెట్టలేదు? తెలియక కాదు. www దగ్గర సీనేమ్ పెట్టాడు, అంటే ‘ఫలానా పేరుని అడుగు’ అని చెప్పే రికార్డు. రూట్ దగ్గర సీనేమ్ పనికిరాదు. సీనేమ్ ఉన్న పేరు మీద ఇంకే రికార్డూ ఉండకూడదన్నది డీఎన్ఎస్ నియమం. రూట్ మీదేమో డొమైన్ నడవడానికి కావాల్సిన ఎన్ఎస్, ఎస్ఓఏ రికార్డులు తప్పనిసరి, మెయిల్ కోసం ఎంఎక్స్ కూడా అక్కడే. అందుకే చాలా ప్యానెల్స్ ఒప్పుకోవు. ఒప్పుకున్న ప్యానెల్‌లో పెడితే మెయిల్స్ ఆగిపోవచ్చు. ఇతని ప్యానెల్ ఒప్పుకోలేదు, అడ్డదారి తొక్కాడు.

విషయం అడిగితే ఏమన్నాడో వినండి. ‘అవును సార్, ఐపీలు మారుతుంటాయి. నెలకు 1,500 ఏఎంసీ కట్టండి, మారినప్పుడల్లా నేను అప్‌డేట్ చేస్తా.’ తాను తవ్విన గోతిలో మనం పడితే, లాగడానికి నెల జీతం అడుగుతున్నాడన్నమాట. ‘ఐపీ మానిటరింగ్’ అన్న మాట మీ కొటేషన్‌లో ఉంటే అక్కడే ఆగండి.

దీనికి సరైన మందు ఏలియాస్ రికార్డు. ఏడబ్ల్యూఎస్ డీఎన్ఎస్ సర్వీసు రౌట్ 53లో ఉంటుంది. పైకి A రికార్డులాగే ఉంటుంది కాబట్టి రూట్ మీద పెట్టొచ్చు, ఎంఎక్స్‌తో తగాదా లేదు. లోపల మాత్రం ఐపీ బదులు బ్యాలెన్సర్‌ని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడు ఆ క్షణాన ఉన్న ఐపీలు చూసి చెప్తుంది. ఇలా బ్యాలెన్సర్‌కి పెట్టిన ఏలియాస్ ప్రశ్నలకు ఛార్జీ లేదు. డొమైన్ రికార్డుల జోన్ ఉంచుకున్నందుకు నెలకు అర డాలరు, దాదాపు అంతే. 1,500 పక్కన పెట్టి చూసుకోండి.

డొమైన్‌ని రిజిస్ట్రార్ దగ్గర నుంచి తరలించక్కర్లేదు, దాని రికార్డులు చెప్పే నేమ్ సర్వర్లు మారిస్తే చాలు. రౌట్ 53లో మన డొమైన్ పేరుతో హోస్టెడ్ జోన్ తెరిస్తే నాలుగు నేమ్ సర్వర్ల పేర్లు ఇస్తుంది. అక్కడ కొత్త రికార్డులో పేరు గడి ఖాళీగా వదిలి, రకం A పెట్టి, Alias ఆన్ చేసి, `Alias to Application and Classic Load Balancer` ఎంచుకుని, రీజియన్ చూపిస్తే మన బ్యాలెన్సర్ జాబితాలో కనపడుతుంది. ఇది రెండు నిమిషాల పని. మిగతా రికార్డులే జాగ్రత్తగా చూసుకోవాలి. నేమ్ సర్వర్లు మారాక పాత ప్యానెల్‌లో ఉన్నవేవీ చెల్లవు కాబట్టి ఎంఎక్స్, టీఎక్స్‌టీ అన్నీ కొత్త జోన్‌లోకి ముందే ఎక్కించాలి. మావాడు పాత ప్యానెల్ పేజీలన్నీ ఫొటో తీసి పంపమన్నాడు. నేను రెండో పేజీ మర్చిపోయాను, మెయిల్ మాదేనని రుజువు చేసే డీకిమ్ రికార్డు అందులో ఉండిపోయింది. రెండు రోజులు మా హాల్ టికెట్ మెయిల్స్ స్పామ్‌లోకి పోయాయి. ఆ తప్పు మాత్రం నాదే. డీఎన్ఎస్ జవాబులకు సంతకం పెట్టే డీఎన్ఎస్‌సెక్ ఆన్‌లో ఉన్నవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర డీఎస్ రికార్డు ముందే తీయించి, కొంత వ్యవధి ఇచ్చి అప్పుడు మార్చండి. లేకపోతే డొమైన్ మొత్తమే మాయమవుతుంది.

ఇంకో చిన్న ఉపాయం. నేమ్ సర్వర్ల మార్పు కొందరికి రెండు రోజుల దాకా పట్టొచ్చు, అప్పటిదాకా వాళ్లు పాత జోన్‌నే అడుగుతుంటారు. అందుకని మార్చే ముందు పాత ప్యానెల్‌లో కూడా ఆ పూటకున్న ఐపీలు పెట్టి వదిలాం. ఆ రెండు రోజులకి అడ్డదారే కాపాడింది.

ఏలియాస్ పెట్టాం కదా అని పూర్తిగా మర్చిపోకూడదు. అది అదే బ్యాలెన్సర్ ఐపీల్ని వెంబడిస్తుంది, అంతవరకే. ఎవరైనా బ్యాలెన్సర్ తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టినా, దాని అడ్రస్ వేరు అవుతుంది, ఏలియాస్ మళ్లీ చూపించాలి. సర్టిఫికెట్‌లో వట్టి డొమైన్ పేరు కూడా ఉందో లేదో చూసుకోండి, `*.example.com` రూట్‌కి వర్తించదు.

నేమ్ సర్వర్లు మార్చడం ఇష్టం లేకపోతే, మీ డీఎన్ఎస్ కంపెనీలో ALIAS, ANAME, లేదా CNAME flattening ఉందేమో అడగండి, పేర్లు వేరైనా పని ఇదే. A రికార్డు తప్ప దిక్కు లేకపోతే గ్లోబల్ యాక్సిలరేటర్ అనే సర్వీసు ఎప్పటికీ మారని రెండు ఐపీలు ఇస్తుంది, కానీ గంటకు 0.025 డాలర్లు, నెలకు సుమారు 18 డాలర్లు, ట్రాఫిక్ ఖర్చు వేరే. మా రిజిస్ట్రార్ సపోర్ట్ వాళ్లు ‘రూట్‌ని www కి ఫార్వర్డ్ చేసుకోండి’ అన్నారు. పెట్టి చూశాం. http కి పనిచేసింది, https కొడితే తెరుచుకోలేదు. ఇప్పుడు అందరూ కొట్టేది https నే.

ఇప్పటికే ఎవరితోనైనా చేయించుకున్నవాళ్లు ఒకసారి ఇది కొట్టండి.

```
dig example.com
```

జవాబు లైన్‌లో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. బ్యాలెన్సర్‌కి ఏలియాస్ అయితే అది 60 దాటదు. 3600, 14400 లాంటివి కనపడితే దాదాపుగా చేత్తో కొట్టిన ఐపీలే. ప్యానెల్ తెరిచి చూస్తే ఖాయమవుతుంది. ఇప్పుడు సైట్ బాగానే ఉంది కదా అనుకోకండి, మాదీ ఐదు వారాలు బాగానే ఉంది.

ఇదే ప్యాకేజీ అతని దగ్గర కొన్న స్కూల్ సప్లైస్ షాపాయన ఒకరు నాకు పరిచయం. నిన్న ఆయన డొమైన్ మీద కొట్టి చూశాను: 3600, రెండు ఐపీలు, రెండూ ఇంకా పనిచేస్తున్నాయి. జూన్‌లో స్కూళ్లు తెరిచే వారమే ఆయనకు రద్దీ. ఫోన్ చేసి చెప్పాను, నమ్మినట్టు లేదు.