రెజ్యూమే మార్కుల్లో పక్షపాతం: వివరాలు దాచడం మేలా, రూబ్రిక్‌ను పరీక్షించడం మేలా?

ఒక్కో ఉద్యోగానికి వందల దరఖాస్తులు వచ్చే చోట రెజ్యూమేలను ముందుగా వడపోసేది చాలాసార్లు సాఫ్ట్‌వేరే. నైపుణ్యాలకు ఇన్ని మార్కులు, అనుభవానికి ఇన్ని, కాలేజీకి ఇన్ని అని ఒక రూబ్రిక్ రాసి ఉంటుంది; దాని ప్రకారం వచ్చిన మొత్తం కటాఫ్ దాటితేనే ఆ రెజ్యూమే మనిషి కంటబడుతుంది. ఈ దశలో పేరు, కాలేజీ, కెరీర్‌లో విరామం అనే మూడింటి వల్ల అన్యాయం జరగవచ్చని అందరికీ తెలుసు. దాన్ని ఎలా పట్టుకోవాలన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి. ఆ వివరాలను దాచేసి మార్కులు వేయించడం ఒక మార్గం. ఒకే రెజ్యూమేలో ఒక్క వివరాన్ని మార్చి, మార్కులు ఎంత కదిలాయో చూసే జంట పరీక్ష రెండోది. ఎవరు ఎంత శాతం కటాఫ్ దాటారో లెక్కగట్టడం మూడోది.

మొదటి మార్గం చవకైనది కనుక చాలామంది దానితోనే ఆగిపోతారు. పేరు దాచాలన్న ఆలోచనకు బలమైన కారణమే ఉంది. అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలను పంపి, 2004లో ఫలితాలను ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉన్నా, శ్వేతజాతివిగా వినిపించే పేర్లకు నల్లజాతివిగా వినిపించే పేర్లకంటే సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. అయితే అక్కడ రెజ్యూమేలను చదివింది మనుషులు. యంత్రం విషయంలో పేరును తొలగించినంత మాత్రాన పేరు చెప్పే సమాచారం తొలగిపోదు. గత పదేళ్ల రెజ్యూమేలతో అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసుకున్న వ్యవస్థ గురించి 2018లో రాయిటర్స్ రాసిన కథనం ఇందుకు సాక్ష్యం: అది ‘మహిళల’ అనే మాట ఉన్న రెజ్యూమేలకు, రెండు మహిళా కళాశాలల పట్టభద్రులకు మార్కులు తగ్గించింది. ఆ మాటలను పట్టించుకోకుండా ఉండేలా వ్యవస్థను సరిదిద్దినా, అది మరో దారిలో వివక్ష చూపదన్న భరోసా దొరకలేదు.

విరామం విషయంలో దాచడం ఇంకా ఇబ్బందికరం. తేదీలు తీసేస్తే అనుభవం లెక్కకు రాదు. తేదీలు ఉంచితే విరామం కనబడుతూనే ఉంటుంది. పైగా వివరాలు దాచడం బలహీనులకే చేటు చేయవచ్చు. ఫ్రాన్స్‌లో 2010–11లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సంస్థలతో అనామక రెజ్యూమేలపై ప్రయోగం చేసినప్పుడు, వలస నేపథ్యం ఉన్న అభ్యర్థులకు ఇంటర్వ్యూ పిలుపులు పెరగకపోగా తగ్గాయి. ముందుకొచ్చిన సంస్థలు అప్పటికే వారిపట్ల కొంత సానుకూలంగా ఉండి ఉండవచ్చని, అభ్యర్థి నేపథ్యం తెలియనప్పుడు రెజ్యూమేలోని విరామాల వంటి లోపాలను సానుభూతితో చూసే అవకాశం పోయిందని పరిశోధకులు వివరించారు. ఈ ఫలితాన్ని బట్టి దాచడమే తప్పని నేను అనను. షార్ట్‌లిస్ట్ అయిన రెజ్యూమేలు మనుషుల చేతికి వెళ్లే దశలో అది ఉపయోగపడవచ్చు. కానీ పక్షపాతం రూబ్రిక్‌లోని పంక్తుల్లోనే రాసి ఉన్నప్పుడు, పేరుకు ముసుగు వేయడం వల్ల ఆ పంక్తులు మారవు.

ఎలా రాసి ఉంటుందో ఒక రూబ్రిక్‌ను తీసుకుని చూద్దాం. మొత్తం 100 మార్కులు, కటాఫ్ 70. నైపుణ్యాలకు 40. అనుభవానికి ఏడాదికి 5 చొప్పున గరిష్ఠంగా 25. కాలేజీ మొదటి జాబితాలో ఉంటే 15, రెండో జాబితాలో ఉంటే 8, మిగతా వాటికి 3. ఆరు నెలలకు మించిన విరామం లేకపోతే 10, ఉంటే సున్నా. ప్రాజెక్టుల వివరణకు 10. ఈ వివరణను భాషా నమూనా, అంటే రాతను చదివి అర్థం చేసుకునే ఏఐ, చదివి మార్కులు వేస్తుంది. విరామానికి, కాలేజీకి కలిపి పాతిక మార్కులే కనుక ఇది సమతూకంగానే ఉందని తయారుచేసినవారు అనుకుంటారు.

ఇప్పుడు జంట పరీక్ష. మూల రెజ్యూమేకు నైపుణ్యాల్లో 32, ప్రాజెక్టుల్లో 8, ఐదేళ్ల అనుభవానికి 25, మొదటి జాబితా కాలేజీకి 15, విరామం లేనందుకు 10 వచ్చి మొత్తం 90 అయింది. దాని జంటలో ఒక్కటే మార్చాం: అదే ఐదేళ్ల పనిని మూడేళ్లు, తర్వాత 18 నెలల విరామం, ఆ తర్వాత రెండేళ్లు అని విడగొట్టాం. విరామం పంక్తి విలువ 10 కనుక 80 రావాలి. వచ్చింది 65. కారణం వెతికితే, అనుభవం లెక్కించే భాగం చివరి నిరంతర కాలాన్ని మాత్రమే తీసుకుంటోంది. ఐదేళ్లకు 25 వేయాల్సింది రెండేళ్లకు 10 వేసింది. కాగితం మీద 10 మార్కుల శిక్ష అమలులో 25 అయింది, అభ్యర్థి కటాఫ్ కిందకు జారిపోయాడు. మూల రెజ్యూమేలో కాలేజీని మాత్రమే జాబితాల బయటిదిగా మార్చిన మరో జంటకు 78 వచ్చింది. రెండు మార్పులూ ఒకే మనిషిలో ఉంటే 53.

జంట పరీక్షను నేను మొదటి స్థానంలో పెట్టడానికి కారణం ఇదే. కాగితం మీది బరువుకు, అమలులోని బరువుకు మధ్య తేడాను అది బయటపెడుతుంది. ఈ తేడా విరామంతోనే ఆగదు. నైపుణ్యాలకు 40 మార్కులున్నా, దరఖాస్తుదారులు ప్రకటనలోని పదాలనే రెజ్యూమేలో నింపుతారు కనుక అందరికీ 30 నుంచి 34 మధ్యే వస్తే, ఆ పంక్తి మనుషులను వేరుచేసేది నాలుగు మార్కుల మేర మాత్రమే. 15 మార్కుల కాలేజీ పంక్తి మాత్రం 3 నుంచి 15 దాకా, అంటే 12 మార్కుల మేర వేరుచేస్తుంది. అప్పుడు అసలు ఎంపిక చేస్తున్నది కాలేజీయే. అందువల్ల ప్రతి పంక్తికీ ఇచ్చిన గరిష్ఠ మార్కులతో పాటు, నిజమైన దరఖాస్తులకు పడిన మార్కుల వ్యాప్తిని కూడా పక్కనే రాసుకోవాలి.

తేదీలను చదివే తీరునూ ఈ పరీక్షలోనే చూడాలి. నెలలు రాయకుండా ఒక ఉద్యోగం 2020 వరకు, తర్వాతిది 2021 నుంచి అని రాసిన అభ్యర్థి నిజానికి డిసెంబరులో మానేసి జనవరిలో చేరి ఉండవచ్చు. నెల లేని చోట జనవరి 1 అని వేసుకునే సాఫ్ట్‌వేర్ అక్కడ 12 నెలల విరామాన్ని సృష్టిస్తుంది. లేని విరామానికి పడే ఈ శిక్షను, నెలలతో ఒకటి, నెలలు లేకుండా ఒకటి అంటూ ఒకే రెజ్యూమేను రెండు రూపాల్లో పంపితే వెంటనే పట్టుకోవచ్చు.

పేరు మార్చే జంటల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. నియమాల ప్రకారం మార్కులు పడే పంక్తుల్లో పేరు మారితే ఏమీ కదలదు. కదిలేది భాషా నమూనా చదివే పంక్తిలోనే. అది ఒకే రెజ్యూమేను మళ్లీ చదివినా ఒకసారి 7, ఒకసారి 8 వేయవచ్చు. కాబట్టి ముందుగా ఏమీ మార్చకుండా అదే రెజ్యూమేను 20 సార్లు పంపి, సహజమైన ఊగిసలాట ఎంతో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఒకటి రెండు జంటలతో తీర్పు చెప్పకుండా, రకరకాల రెజ్యూమేలపై అనేక జంటలు నడిపి సగటు తేడాను చూడాలి. సగటున ఒక్క మార్కు తేడా చిన్నదిగా అనిపించవచ్చు. కటాఫ్ చుట్టూ అభ్యర్థులు కిక్కిరిసి ఉన్నప్పుడు ఆ ఒక్క మార్కే చాలామందిని బయట పెడుతుంది.

జంట పరీక్ష కారణాన్ని చూపిస్తుంది కానీ, నిజంగా ఎంతమంది నష్టపోయారో చెప్పదు. దానికి మూడో మార్గమే కావాలి. 200 మందిలో విరామం ఉన్నవారు 80, లేనివారు 120 అనుకుందాం. మొదటి గుంపులో 20 మంది, అంటే 25 శాతం కటాఫ్ దాటారు. రెండో గుంపులో 48 మంది, అంటే 40 శాతం దాటారు. 25ను 40తో భాగిస్తే 0.625. అమెరికాలో 1978 నాటి ఉద్యోగ ఎంపిక మార్గదర్శకాలు లింగం, జాతి వంటి గుంపులకు వాడే ‘ఐదింట నాలుగు వంతుల’ సూత్రం ప్రకారం ఈ నిష్పత్తి 0.8 కంటే తక్కువైతే కారణం వెతకాలి. చట్టం విరామాన్ని అలాంటి గుంపుగా చూడకపోయినా అదే కొలబద్దను ఇక్కడ వాడుకోవచ్చు. అనుభవాన్ని అన్ని ఉద్యోగాల నెలలూ కూడి లెక్కించి, విరామం పంక్తిని తీసేసి, మళ్లీ 68 మందే దాటేలా కటాఫ్‌ను సర్దితే, 80 మందిలో 25, 120 మందిలో 43 వచ్చాయనుకుందాం. అప్పుడు నిష్పత్తి దాదాపు 0.87. ఎంపికయ్యే వారి సంఖ్యను మార్చకపోవడం ఇక్కడ ముఖ్యం. లేకపోతే మెరుగుదల సవరణ వల్ల వచ్చిందా, కటాఫ్ సడలింపు వల్ల వచ్చిందా అన్నది తేలదు.

ఈ మార్గానికి రెండు పరిమితులున్నాయి. గుంపులో పది మందే ఉంటే, ఒక్కరు అటూ ఇటూ అయితేనే నిష్పత్తి తారుమారవుతుంది. రెండోది, ఎక్కడ గీత గీసి లెక్కిస్తున్నామన్నది. 2023 జులై నుంచి అమలవుతున్న న్యూయార్క్ నగర చట్టం లోకల్ లా 144, ఉద్యోగ ఎంపికకు వాడే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో పక్షపాతం ఉందేమో చూసే స్వతంత్ర ఆడిట్‌ను ఏటా కోరుతుంది. మార్కులు వేసే వ్యవస్థల్లో మధ్యస్థ స్కోరును దాటినవారి శాతాలను పోల్చమంటుంది. పై పది శాతాన్ని మాత్రమే పిలిచే సంస్థలో మధ్యస్థం దగ్గర అంతా సమానంగా కనిపించి, నిజమైన కటాఫ్ దగ్గర తేడా దాగి ఉండవచ్చు. అందుకని చట్టం కోరిన లెక్కతో పాటు సొంత కటాఫ్ దగ్గరి లెక్కను కూడా చేయాలి. లింగం, జాతి వంటి సమాచారం సేకరించని సంస్థలు ఈ ఆడిట్ తమవల్ల కాదంటాయి. కాలేజీ, విరామం రెజ్యూమేలోనే ఉంటాయి కనుక వాటి విషయంలో ఆ అడ్డంకి లేదు.

అందుచేత నా క్రమం ఇది: ముందు జంట పరీక్ష, తర్వాత అనుమానం వచ్చిన పంక్తిని తీసి దాటినవారి శాతాలను పోల్చడం, చివరగా మనుషులు చదివే దశలో వివరాలు దాచడం. ఒక పంక్తిని ఉంచాలంటే, అది ఈ ఉద్యోగంలోని ఏ పనిని కొలుస్తుందో దాన్ని రాసినవారు చెప్పగలగాలి. విరామం పంక్తికి అలాంటి జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు. కాలేజీకి బదులు ఆ ఉద్యోగంలోని పని నమూనాను చేయించి చూడవచ్చు. ఖర్చు పెరుగుతుంది, కానీ కొలవదలచిన దాన్నే కొలుస్తాం.

జంటల సమితిని భద్రపరచి, భాషా నమూనా వెర్షన్, కాలేజీ జాబితా, కటాఫ్‌లలో ఏది మారినా మళ్లీ నడపాలి. సాఫ్ట్‌వేర్ బయటి సంస్థదై, పరీక్ష రెజ్యూమేలను పంపనివ్వకపోతే, మొత్తం స్కోరుతో సరిపెట్టుకోకుండా ప్రతి అభ్యర్థికీ పంక్తివారీ మార్కులు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. అవి చేతిలో ఉంటే కనీసం మార్కుల వ్యాప్తిని, దాటినవారి శాతాలను మనమే లెక్కించగలం.