సంగీతాన్ని వీడియో నిడివికి సరిపెట్టిస్తున్నారా? డబ్బు కట్టే ముందు అతుకు విని చూడండి

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ తివాచీల గురించి మేము తీసిన వీడియోను ఒక ప్రదర్శనలో తెరపై వేయడానికి మాకు సరిగ్గా 3 నిమిషాల సమయం ఇచ్చారు. మేము లైసెన్సు తీసుకున్న సంగీతం మాత్రం 2 నిమిషాల 15 సెకన్లే ఉంది. మిగిలిన 45 సెకన్లను అతుకు తెలియకుండా పెంచి ఇస్తామని హనుమకొండలోని ఒక ఎడిటింగ్ సెంటరు వారు 2,500 రూపాయలు తీసుకున్నారు. వారి దుకాణంలో చిన్న స్పీకరుపై వినిపించినప్పుడు నాకు తేడా తెలియలేదు. ప్రదర్శనలో పెద్ద స్పీకర్ల మీద వేసినప్పుడు మా పక్క స్టాలు పెద్దాయన "డప్పు కొట్టెటోని చెయ్యి జారినట్టున్నది గదనే" అన్నాడు. పైగా చివరి రెండు సెకన్లు తెర మీద బొమ్మ ఉండగా సంగీతం లేదు.

ఇంటికి వచ్చి ఆ ఫైలును పరిశీలిస్తే జరిగింది తేలిగ్గానే అర్థమైంది. ఆ సంగీతం నిమిషానికి 96 బీట్ల వేగంతో నడుస్తుంది, అంటే నాలుగు బీట్ల బార్ ఒక్కొక్కటి 2.5 సెకన్లు. వారు 1:00 నుంచి 1:45 వరకు ఉన్న 45 సెకన్ల ముక్కను కాపీ చేసి, 1:45 తర్వాత అతికించారు. అక్కడి వరకు లెక్క సరిపోయింది, ఎందుకంటే 45 సెకన్లంటే కచ్చితంగా 18 బార్లు. అయితే అతుకు మెత్తగా ఉండాలని రెండో ముక్కను రెండు సెకన్లు ముందుకు లాగి, ఆ మేర రెండు ముక్కలూ కలిసి మోగేలా క్రాస్‌ఫేడ్ వేశారు. దాంతో మొత్తం నిడివి రెండు సెకన్లు తగ్గి 2:58కి వచ్చింది, చివరి నిశ్శబ్దం అందుకే. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, రెండు సెకన్లంటే 3.2 బీట్లు కాబట్టి, ఆ క్రాస్‌ఫేడ్ సాగినంతసేపు పాత డప్పు దెబ్బకూ కొత్త డప్పు దెబ్బకూ మధ్య సెకనులో ఎనిమిదో వంతు తేడా ఉండిపోయింది. పెద్దాయనకు చెయ్యి జారినట్టు వినిపించింది ఈ జంట దెబ్బే. క్రాస్‌ఫేడ్ పొడవైతే అతుకు దాగుతుందని చాలామంది అనుకుంటారు. బీటు లేని, తంబురా శ్రుతిలా సాగే సంగీతానికి అది నిజమే. దరువు ఉన్నదానికి మాత్రం పొడవైన క్రాస్‌ఫేడ్ తప్పును దాచదు, ఇంకా సాగదీసి వినిపిస్తుంది.

రెండోసారి సరిచేసి ఇమ్మంటే వారు వేగాన్ని కొంచెం తగ్గించి నిడివిని సరిపెట్టారు, కానీ జంట దెబ్బ అలాగే ఉంది. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. చివరికి మా బంధువుల అబ్బాయి సరిచేసిన పద్ధతి ఇది.

అతను 18 బార్లను వదిలేసి 16 బార్లను, అంటే 1:00 నుంచి 1:40 వరకు ఉన్న 40 సెకన్లను తీసుకున్నాడు. ఈ ట్రాకులో వేణువు వరుస ఎనిమిది బార్లకొకసారి ముగుస్తుంది కాబట్టి, 18 బార్ల తర్వాత వెనక్కి దూకితే దరువు కలిసినా పాట మధ్యలో తెగినట్టు ఉంటుంది. కోతను బార్ మొదటి దెబ్బకు రవ్వంత ముందు పెట్టి, క్రాస్‌ఫేడ్‌ను 20 మిల్లీసెకన్లకు కుదించాడు. అంత చిన్నదైనా 'టిక్' శబ్దం రాకుండా ఆపుతుంది, వెంటనే పడే డప్పు దెబ్బ అతుకును కప్పేస్తుంది. వేణువు ఊపిరి తీసుకునే చోటే కోయడం వల్ల సాగుతున్న స్వరం తెగలేదు. ఇంకా మిగిలిన ఐదు సెకన్ల కోసం డప్పు మాత్రమే వినిపించే రెండు బార్లను మరొకసారి మోగించాడు. అసలు ట్రాకు ముగింపును తాకనే లేదు. ఆఖరి దెబ్బ 3 నిమిషాలకు తనంతట తానే చేరింది, ఫేడ్ అవుట్ అవసరం రాలేదు.

కాబట్టి మీరు ఇలాంటి పని ఇస్తే, అతుకు ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఉందో వారిచేత చెప్పించుకోండి. అక్కడికి పది సెకన్ల ముందు నుంచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బొమ్మ చూడకుండా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతూ వినండి. అతుకు దాటాక మీ "ఒకటి" బార్ మొదటి దెబ్బ మీద పడకపోతే పని చెడినట్టే, స్వరం ఎంత మెత్తగా ఉన్నా సరే. కంప్యూటర్‌తో చేసిన దరువులా కాకుండా మనుషులు ప్రత్యక్షంగా వాయించి రికార్డు చేసిన డప్పు అయితే వేగం కొంచెం కొంచెం మారుతూ ఉంటుంది, అక్కడ సెకన్ల లెక్క పనికిరాదు, దెబ్బను దెబ్బకు చెవితోనే కలపాలి; అందుకు ఎక్కువ సమయం, ఎక్కువ ధర అడిగితే అది న్యాయమే. పూర్తి డబ్బు మాత్రం పెద్ద స్పీకరు మీద విన్న తర్వాతే ఇవ్వండి.