శిబి పేరు దగ్గర రెండు చదువులు

మల్లేశ్వరంలో ఉండే మా అక్క కొడుకు, పోతన భాగవతంలో బలిచక్రవర్తి చెప్పే పద్యం ‘కారే రాజులు’ అప్పజెప్పి, "వైరాగ్యం కదా, పిన్నీ?" అన్నాడు.

అలా చదివినా తప్పులేదు. రాజులు పోతారు, సిరి వెంట రాదు, ఇచ్చినవాళ్ల పేరే మిగులుతుంది. అందులో శిబి ఎవరో ఒక దాత, అంతే.

శిబి కథ తెలిస్తే మాత్రం పద్యం వేడెక్కుతుంది. పావురాన్ని కాపాడడానికి ఆయన తన మాంసం కోసిచ్చి, అదీ చాలక తానే తక్కెడెక్కాడు. ఆ పావురం అగ్ని, డేగ ఇంద్రుడు. ఇక్కడేమో "ఈ వటువు విష్ణువు, ఇవ్వకు" అని బలి గురువు శుక్రుడు అప్పుడే హెచ్చరించాడు. దానికి బలి, మారువేషపు దేవుళ్లకు ఒళ్లే ఇచ్చినవాడి పేరెత్తి జవాబిస్తున్నాడు. పైగా వామనుడు వచ్చింది ఆ ఇంద్రుడి కోసమే!

ఇది మన ఊహేనా? సంస్కృత భాగవతంలో ఇదే చోట దధీచి, శిబి ఇద్దరూ ఉన్నారు, విడవలేని ప్రాణాలనే ఇచ్చినవాళ్లుగా. పోతన శిబినే పేరు పెట్టి చెప్పాడు. అయితే మూడో అడుగుకు తల ఒగ్గాల్సి వస్తుందని బలికి ముందే తెలుసనడానికి పద్యంలో ఆధారం లేదు. ఆ సూచన అందేది మనకే.

"అయితే ఇది శుక్రుడికి చురకన్నమాట," అన్నాడు వాడు.