నాలుగేళ్ల తర్వాత షోరూం యాక్సెసరీస్ లెక్క

నేనూ మా బావమరిదీ ఒకే నెలలో నల్లగొండలో ఒకే షోరూంలో ఒకే మోడల్ కారు తీసుకున్నాం. కొటేషన్‌లో ‘యాక్సెసరీస్ ప్యాకేజీ 38,500’ అని ఒకే లైన్ ఉంది. ఆయన మొత్తం తీసుకుని లోన్‌లో కలిపించాడు. తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లలో అది దాదాపు 48,000 అవుతుంది. నేను దేని ధర ఎంతో విడివిడిగా రాసిమ్మని అడిగి, మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు మాత్రమే తీసుకున్నా. రెండూ కలిపి 3,650.

ప్యాకేజీలో బాగా డబ్బు గుంజేది అండర్‌బాడీ కోటింగ్. తుప్పు పట్టదని చెప్పి అమ్ముతారు. కానీ ఫ్యాక్టరీలోనే బాడీ మొత్తాన్ని ప్రైమర్‌లో ముంచి తీస్తారు, అడుగున రబ్బరులాంటి పొర కూడా వేస్తారు. లిఫ్ట్ ఎక్కించి చూస్తే అది కనిపిస్తుంది. మనకు సముద్రపు ఉప్పుగాలి కూడా లేదు. మా బావమరిది కారుకు తొందరలో స్ప్రే కొట్టినవాళ్లు డోర్ల కింద నీళ్లు పోయే రంధ్రాలను కూడా మూసేశారు. రెండో వానాకాలానికి బ్రేకు వేసినప్పుడల్లా లోపల నీళ్లు కదిలిన చప్పుడు మొదలైంది. మిర్యాలగూడలో మెకానిక్ సైకిల్ పుల్లతో పొడిస్తే ఎర్రటి బురదనీళ్లు కారాయి. వెనక చక్రాల దగ్గర కోటింగ్ పొర లేచి, దాని కింద తడిమట్టి పేరుకుపోయింది. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అలాంటి చోటే.

మడ్‌ఫ్లాప్‌లు మాత్రం తప్పకుండా వేయించుకోండి. నాట్ల టైములో పొలం కరిగెట్టు చేసి రోడ్డెక్కే ట్రాక్టర్లు దారి పొడుగునా బురద పరుస్తాయి, మిగతా రోజుల్లో మొరం కంకర. ఫ్లాప్‌లు లేకపోతే అదంతా డోర్ల కింది అంచుకే కొట్టుకుని పెయింట్ లేచిపోతుంది.

సీటు కవర్లు కొనే ముందు సీటు పక్క అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే, ఆ వైపు కుట్టు తేలిగ్గా తెగేలా ఉన్న కవరే వేయాలి. గట్టిగా కుట్టిన రెగ్జిన్ అడ్డుంటే బ్యాగ్ సరిగా విచ్చుకోదు. ప్యాకేజీలో ఇచ్చిన కవర్లకు అలాంటి కుట్టు లేదు. ఆ విషయం మా వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాకే తీయించాడు.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలు లేదు. కాకపోతే బయటి కోట్‌తో పోల్చేటప్పుడు కారు పూర్తిగా పోతే వచ్చే గరిష్ఠ మొత్తమైన ఐడీవీ, పార్టుల ధరలో తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్ రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

షోరూంలో నేను మనస్ఫూర్తిగా డబ్బు పెట్టింది ఎక్స్‌టెండెడ్ వారంటీకి. నాలుగో ఏడు ఎండాకాలంలో ఏసీ కంప్రెసర్ పోతే పైసా అడగకుండా మార్చారు. అయితే అది కారు కంపెనీ ఇచ్చే వారంటీయే అయ్యుండాలి. డీలర్ సొంతంగా రాసిచ్చే కాగితమైతే వేరే ఊరి వర్క్‌షాపులో చెల్లుతుందన్న నమ్మకం ఉండదు. కొన్నరోజే తీసుకోవాలన్న తొందర కూడా అక్కర్లేదు, మామూలు వారంటీ ముగిసేలోపు తీసుకోవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ధర మాత్రం పెరుగుతుంది.